25 ఏళ్లు ఒకే రేటు, ఏటా తగ్గే యూనిట్లు: 1 మెగావాట్ సోలార్ ప్లాంట్ విలువ ఎంత?

ప్రశ్న: పాలమూరు వైపు మాకు 4 ఎకరాల బీడు భూమి ఉంది. కుసుమ్ పథకం కింద 1 మెగావాట్ సోలార్ ప్లాంట్ పెట్టమని ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. యూనిట్‌కు 3.13 రూపాయలు, 25 ఏళ్లు మారదట. ఏటా 17 లక్షల యూనిట్లు, అంటే 53 లక్షలు, మొత్తం 13 కోట్లు వస్తాయంటున్నారు. ఖర్చు 3.6 కోట్లు. ప్యానెళ్లు ఏటా 0.7 శాతం తగ్గుతాయని కూడా వాళ్లే చెప్పారు. ఈ తగ్గుదలను లెక్కలోకి ఎలా తీసుకోవాలి? ప్లాంట్ నిజంగా ఎంత విలువ చేస్తుంది?

జవాబు:

మా బంధువులకు వాటాలున్న రెండు చిన్న సోలార్ ప్లాంట్ల లెక్కలు నేను చూస్తుంటాను. మీకు చూపించిన కాగితం లాంటిదే వాళ్లకూ చూపించారు. అందులో డీగ్రేడేషన్, అంటే మీరడిగిన ఈ ప్యానెల్ తగ్గుదల గురించి అరపేజీ ఉంటుంది, ఎందుకంటే అది చెప్పుకోవడానికి సులువు, చూడటానికి నిజాయితీగా కనిపిస్తుంది. డబ్బు ఎక్కువగా పోయే చోట్లు వేరే ఉన్నాయి. ముందు మీరు అడిగింది తేల్చేద్దాం.

17 లక్షల యూనిట్లను 3.13తో గుణిస్తే మొదటి ఏడాది 53.21 లక్షలు. ఏటా 0.7 శాతం తగ్గితే 25వ ఏడాదికి దాదాపు 14.4 లక్షల యూనిట్లు వస్తాయి. అన్నీ కలిపితే 13.3 కోట్లు కాదు, 12.24 కోట్లు. అయితే ఆ 12.24 కోట్లూ మీ చేతికి ఒకేసారి రావు కదా. 2050 దాటాక వచ్చే 45 లక్షలూ వచ్చే ఏడాది వచ్చే 53 లక్షలూ ఒక తూకం కాదు. అందుకే ప్రతి ఏడాది రాబడినీ ఒక వడ్డీ రేటుతో ఈ రోజు విలువకు దించి కూడాలి. నేను 11 శాతం వేస్తాను. బ్యాంకు అప్పు 10 శాతం దగ్గర దొరికితే, సొంత డబ్బు పెట్టి 25 ఏళ్లు ఆగేవాడికి అంతకంటే కొంచెం ఎక్కువే రావాలి. రేటు రూపాయల్లో బిగించేశారు కాబట్టి ఈ శాతంలోంచి ద్రవ్యోల్బణాన్ని తీసేయకూడదు. తీసేసి లెక్కేస్తే ఏ ప్లాంటైనా బంగారంలా కనిపిస్తుంది.

25 వరుసల పట్టిక వేసుకోవచ్చు, కానీ తగ్గుదల ఏటా ఒకే శాతమైతే దానికి ఒక చిన్న సూత్రం ఉంది. R మొదటి ఏడాది రాబడి, d తగ్గుదల, r వడ్డీ రేటు, n ఏళ్లు:

```
V = R × [1 − ((1−d)/(1+r))^n] / (r + d)

=53.21*(1-((1-0.007)/(1+0.11))^25)/(0.11+0.007)
```

రెండో వరుసను ఎక్సెల్‌లో పెడితే 426.7 వస్తుంది, అంటే 4.27 కోట్లు. d స్థానంలో సున్నా పెట్టి చూడండి: 448.1. అంటే 25 ఏళ్ల ప్యానెల్ తగ్గుదల మొత్తానికి ఈ రోజు ఖరీదు 21.4 లక్షలు, రాబడి విలువలో 5 శాతం కంటే తక్కువ. తగ్గుదల ఎక్కువగా కనిపించేది చివరి ఏళ్లలో, ఆ ఏళ్ల డబ్బుకు ఈ రోజు విలువ ఎలాగూ తక్కువ. సూత్రంలో కింద r, d కలిసి కూర్చోవడం చూడండి. 0.7 శాతం తగ్గుదల అంటే సుమారుగా వడ్డీ రేటు 11 నుంచి 11.7 అయినట్టే.

ఇప్పుడు అదే సూత్రాన్ని ఖర్చుల వైపు తిప్పండి. కాపలా మనిషి, ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయించడం, బీమా, చిన్నాచితకా రిపేర్లు అన్నీ కలిపి ఏడాదికి 6 లక్షలు అనుకుందాం. ఈ ఖర్చు ఏటా తగ్గదు, పెరుగుతుంది. 5 శాతం పెరుగుదల అంటే d స్థానంలో మైనస్ 5 శాతం. కింద 0.11 − 0.05, అంటే 0.06 వస్తుంది, ఖర్చుల ఈనాటి విలువ 75 లక్షలు తేలుతుంది. ఖర్చు పెరగకుండా 6 లక్షల దగ్గరే ఉంటే 50.5 లక్షలే అయ్యేది. అంటే జీతాలూ బీమా పెరగడం వల్ల పోయేది 24.5 లక్షలు, ప్యానెళ్లు తగ్గడం వల్ల పోయేదానికంటే ఎక్కువ. 25వ ఏడాదికి రాబడి 45 లక్షలు, ఖర్చు 19 లక్షలు దాటి ఉంటుంది. మారని రేటు అని వాళ్లు గొప్పగా చెప్పేది ఇక్కడ మీకు ఎదురు తిరుగుతుంది: ఏటా 5 శాతం ధరలు పెరిగితే, చివరి ఏడాది మీరు తీసుకునే 3.13 రూపాయలకు మొదటి ఏడాది 97 పైసల విలువ ఉంటుంది.

ప్యానెళ్ల కరెంటును గ్రిడ్‌కు పంపేలా మార్చే ఇన్వర్టర్లు 25 ఏళ్లు రావు. 13వ ఏడాదిలో 20 లక్షలు పెట్టి మార్చారనుకుంటే దాని ఈనాటి విలువ 5 లక్షల పైచిలుకు. 426.7లోంచి 75.1, 5.2 తీసేస్తే 346.4 లక్షలు మిగులుతాయి. మీ ఖర్చు 360. వాళ్ల అంకెలన్నీ యథాతథంగా ఒప్పుకున్నా, పన్ను లెక్కలోకి రాకముందే, మీ భూమికి అద్దె కూడా వేసుకోకుండానే, ఈ ప్లాంట్ 11 శాతం ఇవ్వదు. 10.4 శాతం దగ్గర ఆగుతుంది.

ఇక నాకు అన్నిటికంటే అనుమానం ఉన్న అంకె 17 లక్షలు. డీగ్రేడేషన్ 0.5 శాతమా 0.7 శాతమా అని వాదించుకునే వాళ్లు ఈ అంకెను అడగకుండా వదిలేస్తారు. 17కు బదులు 15.5 లక్షల యూనిట్లతో మొదలైతే రాబడి విలువ 389 లక్షలకు పడిపోతుంది, అంటే 37.7 లక్షలు పోయినట్టు. ఇది మొదటి రోజు నుంచే మొదలై పాతికేళ్లూ కొనసాగే లోటు. ఏటా ఎన్ని యూనిట్లు రావచ్చో అంచనా వేసే ఎనర్జీ యీల్డ్ రిపోర్టును కంపెనీని అడగండి, అందులో పీ-50, పీ-90 అని రెండు అంకెలు ఉంటాయి. పీ-50 అంటే రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశం ఉన్న అంకె. పీ-90 అంటే వచ్చే యూనిట్లు దాన్ని దాటడానికి పదిలో తొమ్మిది వంతుల అవకాశం ఉన్న అంకె. కొనేవాళ్లకు చూపించేది సాధారణంగా పీ-50. అప్పు ఇచ్చే బ్యాంకులు జాగ్రత్తగా ఉండేందుకు పీ-90 చూస్తాయి. మీరూ ఆ పక్కనే నిలబడండి.

ఆ రిపోర్టులో గ్రిడ్ ఎంతసేపు ఉంటుందని అనుకున్నారో కూడా వెతకండి. కుసుమ్ ప్లాంట్లు ఊరి దగ్గరి 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు 11 కేవీ లైన్ మీద కరెంటు పంపుతాయి. ఆ లైన్ పడిపోతే ఇన్వర్టర్లు వాటంతట అవే ఆగిపోతాయి, ఎండ ఎంత కాసినా యూనిట్ రాదు. మా వాళ్ల ప్లాంట్లలో ఒకదానికి రెండో ఏడాది యూనిట్లు మొదటి ఏడాదికంటే ఎక్కువొచ్చాయి. వాటాదార్లు ప్యానెళ్లు తగ్గడం లేదని సంబరపడ్డారు. లాగ్ పుస్తకం తీసి చూస్తే మొదటి ఏడాది మధ్యాహ్నం పూట లైన్ పదేపదే పోయి ఉంది. రెండో ప్లాంట్‌లో దీనికి తలకిందులుగా ఒకే ఏడాదిలో 4 శాతం తగ్గింది. ప్యానెల్ వారంటీ కింద క్లెయిమ్ వేద్దామని అందరూ లేచారు. స్ట్రింగులు, అంటే ఒకదానికొకటి కలిపిన ప్యానెళ్ల వరుసల వారీగా కరెంటు కొలిపించాక తెలిసింది ఏమిటంటే, కొన్ని స్ట్రింగుల ఫ్యూజులు పోయి నెలల తరబడి ఎవరూ చూడలేదు.

కాబట్టి మీటర్ యూనిట్లు ఏటా పోల్చి డీగ్రేడేషన్ ఎంతో చెప్పలేం. ఒక ఏడాది వానలు ఎక్కువైతేనే యూనిట్లలో వచ్చే తేడా 0.7 శాతాన్ని మింగేస్తుంది. ప్యానెళ్ల మీద పడిన ఎండను సెన్సర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు ఎన్ని యూనిట్లు రావాలో, ఎన్ని వచ్చాయో చూడాలి. దీన్నే పెర్ఫార్మెన్స్ రేషియో అంటారు. సెన్సర్ మీద దుమ్ము ఉంటే అది ఎండను తక్కువగా చూపిస్తుంది, రేషియో బాగున్నట్టు అబద్ధం చెబుతుంది. ఇంకో మాయ ఉంది. 1 మెగావాట్ ఇన్వర్టర్లకు 1.3 మెగావాట్ల ప్యానెళ్లు పెడితే, మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ పరిమితికి మించిన కరెంటు ఎలాగూ వృథా పోతుంది. తొలి ఏళ్లలో ప్యానెల్ తగ్గుదల ఆ వృథాలోంచే పోతుంది కాబట్టి మీటర్‌లో పెద్దగా కనిపించదు, తర్వాతి ఏళ్లలో బయటపడుతుంది. పాత ప్లాంట్‌ను కొనేవాళ్లు దీని దగ్గరే మోసపోతారు. ఇక ప్యానెల్ వారంటీ హామీ ఇచ్చేది ప్యానెల్ సామర్థ్యానికి, మీ మీటర్ యూనిట్లకు కాదు. పైగా మొదటి ఏడాది తగ్గుదల తర్వాతి ఏళ్లకంటే ఎక్కువ ఉంటుంది, వారంటీ కాగితంలో దాన్ని విడిగా రాస్తారు, చదవండి.

డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్నది కూడా ఇదే లెక్కలో చేరుతుంది. కరెంటు కొనే విద్యుత్ సంస్థ నుంచి బిల్లు డబ్బు ప్రతిసారీ ఆరు నెలలు ఆలస్యంగా వస్తే 426.7ను 1.11 వర్గమూలంతో భాగించాలి, 405 వస్తుంది. అంటే 21.7 లక్షలు పోయాయి. పాతికేళ్ల ప్యానెల్ తగ్గుదలకు సమానమైన నష్టం బిల్లుల ఆలస్యం ఒక్కదానిలోనే ఉంది! ఆలస్యానికి సర్‌చార్జి కట్టాలని నిబంధనలు ఉన్నాయి, కానీ అది ఎప్పుడు వస్తుందో లెక్కలో పెట్టుకోవద్దు. రేటు మారదన్న మాటకు కూడా చరిత్ర ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సోలార్, పవన విద్యుత్ ఒప్పందాల రేట్లను సమీక్షించడానికి కమిటీ వేసింది. హైకోర్టు తాత్కాలికంగా సోలార్‌కు 2.44 రూపాయలు చెల్లించమంది. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పందం రేట్లే కట్టాలని తీర్పునిచ్చింది. ఉత్పత్తిదారులు గెలిచారు, కానీ మధ్యలో రెండున్నర ఏళ్లు గడిచాయి. అంతకాలం అప్పు వాయిదాలు ఎవరు కట్టారు? పెద్ద కంపెనీలు తట్టుకోగలవు. నాలుగెకరాల రైతుకు రెండేళ్ల వాయిదాలకు సరిపడా డబ్బు పక్కన లేకపోతే కష్టం.

కంపెనీ వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు మొదట పీ-90 అంకె తీసుకుని 17 స్థానంలో పెట్టండి. అది 15.5 అయితే, ఖర్చులు తీసేశాక ప్లాంట్ విలువ 3.09 కోట్లు. 3.6 కోట్లకు కొంటే వచ్చేది 8.7 శాతం దగ్గర, బ్యాంకు అడిగే వడ్డీ కంటే తక్కువ. వాళ్లు ధర 3.1 కోట్ల దగ్గరికి దించాలి, లేదా అన్ని యూనిట్లు వస్తాయని వాళ్లే రాతపూర్వకంగా హామీ ఇచ్చి, తగ్గిన యూనిట్లకు డబ్బు కట్టేలా ఒప్పందంలో రాయాలి. ఆ రెండో మాట ఎత్తగానే వాళ్ల 17 లక్షలు ఎంతకు దిగుతుందో చూడండి.