ఆవకాయ జాడీలో ముందు అంచు చూడు

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో రాత్రే చూశాను. రెండు కిలోల ముక్కలకు ఆవకాయ పెట్టి వారం తిరక్కుండానే పైన నూనె మాయమైందని, అక్కడక్కడ తెల్లగా ఉందని టెన్షన్ పడుతున్నావు. నూనె సంగతికి కంగారు పడకు. ఆవపిండి, కారం పొడిగా ఉంటాయి కదా, మొదటి రోజుల్లో నూనె తాగేస్తాయి. మూడో రోజు తిరగకలిపాక పైకి తేలిన నూనె మళ్లీ తగ్గడం మామూలే. పావు లీటరు పప్పునూనె పోసి, పొడి గరిటెతో ముక్కల్ని కిందికి అదిమి, మర్నాడు చూడు. ముక్కల మీద వేలి మందాన నూనె నిలిచిందంటే చాలు, నిలవకపోతే ఇంకాస్త పొయ్యి.

ఆ వేలి మందం ఎందుకో చెబుతాను. బూజుకు గాలి కావాలి. నూనెలో మునిగిన ముక్కకు గాలి తగలదు, పైకి తేలిన ముక్కకు తగులుతుంది. అందుకే బూజు దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే మొదలవుతుంది. ఒకటి పైకి పొడుచుకొచ్చిన ముక్క అంచు. రెండోది జాడీ లోపలి గోడ. గరిటెతో తీసినప్పుడల్లా గోడకు కాస్త గుజ్జు అంటుకుంటుంది, దాని మీద నూనె ఉండదు. మధ్యలో ఎర్రగా నిగనిగలాడే నూనె చూసి బాగానే ఉందనుకుంటాం, గోడ మీద మాత్రం పెసరగింజంత మచ్చ వచ్చి ఉంటుంది. కాబట్టి మూత తీయగానే అంచు చూడు. తీసుకున్న ప్రతిసారీ గోడకు అంటిన గుజ్జును పొడిబట్టతో తుడిచెయ్యి.

ఇక నీ జాడీలో తెలుపు. ఫొటోలో తేలదు. పగటి వెలుతురులో ఆ ముక్కను పొడి చెంచాతో పళ్లెంలోకి తీసి, ఆ తెలుపు మీద నాలుగు చుక్కలు వేడినీళ్లు వెయ్యి. ఉప్పయితే కరిగిపోతుంది, కల్లుప్పు సరిగ్గా దంచకపోతే అలా పలుకులుగా మెరుస్తూ కనబడుతుంది. బూజయితే కరగదు, దూదిలా నూగుగా ఉంటుంది, ఆకుపచ్చగానో నల్లగానో మారుతుంది. పాలమీద మీగడలా పలుచగా ముడతలు పడిన తెల్లపొర వచ్చినా అది కూడా మంచి గుర్తు కాదు. ఆ ముక్కను మళ్లీ జాడీలో వెయ్యకు.

నీళ్లు పడితే మాత్రం పైకి తెలియదు. ఒక ఏడాది నేనే కడిగిన గరిటె తుడవకుండా పెట్టాను. నీళ్లు నూనె కంటే బరువు, నేరుగా అడుక్కు దిగిపోయాయి. పైన నూనె నిండుగానే ఉంది. పదిరోజుల తర్వాత గరిటె దింపితే అడుగునుంచి బుడగలు లేచాయి, మూత దగ్గర కల్లు వాసన. అడుగు ముక్కలు వేళ్ల మధ్య గుజ్జయిపోయాయి, రసం పలుచగా, ఉప్పు చాలని చోట పాలిపోయి ఉంది. జాడీ మొత్తం పారేశాను.

దీన్ని ఊటతో పొరబడకు. ఉప్పు తగిలి మామిడి ముక్కలోంచి వచ్చే ఊట మొదటి మూడు రోజుల్లోనే వస్తుంది, పిండితో కలిసి చిక్కగా అవుతుంది, వాసన ఘాటుగా ఆవగా ఉంటుంది. నెల తర్వాత కొత్తగా నీరు కనబడి, కలిపినా కలవకుండా నూనె చుక్కలుగా విడిపోతుంటే అది ఊట కాదు. మూత లోపల చెమట పట్టిందేమో కూడా చూస్తుండు. వేడి గదిలోనో, ఎండలోనో మూత బిగించి ఉంచితే ఆ చుక్కలే లోపల పడతాయి. అందుకే మేం మొదటి రోజుల్లో జాడీ మూతికి గుడ్డతో వాసెన కడతాం.

రంగు నెలలు గడిచేకొద్దీ ఎరుపునుంచి ముదురు గోధుమకు తిరగడం చెడిపోవడం కాదు, దానికి పారేయకు. పాత నూనె కంపు కొడితే మాత్రం కొత్త నూనె పోసినా పోదు.

బూజు పట్టిన చోట గీసి పారేసి మిగతాది తినే పద్ధతి మా అత్తగారి రోజుల్లో ఉండేది. నేను ఒప్పుకోను. పైన కనిపించేది కొంతే, దాని పోగులు గుజ్జులోకి దిగి ఉంటాయి, అది వదిలే విషం వడబోసినా, వేడిచేసినా పూర్తిగా పోదు. బూజు పట్టిందని తేలితే రుచి చూడకు, మొత్తం పారెయ్యి. పైన నూనె పోసి కప్పితే కూడా పట్టిన బూజు చావదు.

నువ్వు ముక్కల్ని కడిగి తుడిచి నీడన ఆరబెట్టావా, తడి ఏమైనా ఉండిందా, అది చెప్పు. ఉప్పు ఎంత వేశావో కూడా రాయి. కిలో ముక్కలకు పావు కిలోకు దగ్గరగా ఉంటే నీ తెలుపు చాలావరకు ఉప్పే అయ్యుంటుంది. వేడినీళ్ల పని చేశాక ఫోన్ చెయ్యి, నేను పదింటిదాకా మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ