నడక నేర్చిన మనవడికి ఏ బండి కొనాలి?

ప్రశ్న: మా మనవడికి 13 నెలలు. నడక మొదలుపెట్టి రెండు వారాలైంది. ప్లాస్టిక్ కుర్చీ, స్టూలు, బాత్‌రూమ్‌లో బకెట్, ఏది దొరికితే అది తోసుకుంటూ ఇల్లంతా తిరుగుతున్నాడట. దసరాకి హైదరాబాద్ వెళ్తున్నాను, వాడికి ఏదైనా కొనిపెట్టాలని ఉంది. కూర్చోబెట్టే వాకర్ కొందామంటే కోడలు వద్దంటోంది. పోనీ, మా రోజుల్లో ఉండే మూడు చక్రాల చెక్క బండి మంచిదేనా? – ఒక నానమ్మ, తెనాలి

జవాబు: వాకర్ విషయంలో మీ కోడలి మాటే వినండమ్మా. మధ్యలో గుడ్డ సీటు, చుట్టూ చక్రాలు ఉండే ఆ వాకర్‌లో పిల్లాడి బరువంతా సీటు మీదే పడుతుంది. కాలి మునివేళ్లతో నేలను తంతే చాలు, బండి దానంతటదే జారిపోతుంది. ఒళ్లు ఎటు ఒరిగితే ఎలా నిలదొక్కుకోవాలన్నది వాడు నేర్చుకునే అవకాశమే ఉండదు. పైగా అది మనం లేచి అందుకునేలోపు గది దాటిపోతుంది. నా దగ్గరికి అలా వచ్చిన ఒక పది నెలల పాపను నేను మర్చిపోలేను. వాళ్లమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంది. హాల్లో ఉన్న పాప వాకర్‌లో టీపాయ్ దాకా వచ్చేసి, గ్లాసులోని వేడి టీని మీదకి లాక్కుంది. గడ్డం కింద, ఛాతీ మీద కాలింది. పాకే పిల్లకు ఆ గ్లాసు అందేదే కాదు. వాకర్ వల్లే అందింది. మెట్ల మీద నుంచి వాకర్‌తో సహా దొర్లి తలకు దెబ్బలు తగలడం ఇంకా ఎక్కువ. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం.

ఇక మీ వాడి తోపుడు సరదా సంగతి. దాన్ని అల్లరి అనుకోకండి. నడక కొత్తలో పిల్లలు కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు పైకెత్తుకుని నడుస్తారు చూశారా, అదంతా పడకుండా ఉండటానికే. ముందు ఏదైనా ఆనుకునే వస్తువు ఉంటే చేతులు కిందికి దిగుతాయి, అడుగు కాస్త నమ్మకంగా పడుతుంది. మనం వేలు పట్టుకుని నడిపిస్తే దారి మనది, వేగం మనది. వస్తువును తోసుకుంటూ పోతే రెండూ వాడివే. గోడకు తగిలి ఆగినప్పుడు వెనక్కి లాగాలా, పక్కకు తిప్పాలా అని వాడే తేల్చుకుంటాడు. అందుకే వాడికి తోపుడు బండి కొనాలన్న మీ ఆలోచన బాగుంది. ఏ బండి అన్నదే చూసుకోవాలి.

మీరు అడిగిన మూడు చక్రాల బండి మీద నాకూ ఇష్టమే. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఆ బండి తిరిగింది మట్టి నేల మీద, పేడతో అలికిన వాకిట్లో, మహా అయితే గరుకు నాపరాళ్ల మీద. అక్కడ చెక్క చక్రం బరువుగా, కిరకిరలాడుతూ, పిల్లాడు తోసినంత మేరే కదిలేది. అంటే నేలే బ్రేకు. అదే బండిని ఇవాళ్టి అపార్ట్‌మెంట్‌లో నున్నటి టైల్స్ మీద పెడితే పిల్లాడి అడుగు కంటే ముందు పరుగెడుతుంది. చేతులు బండితో పోతాయి, కాళ్లు వెనకే ఉండిపోతాయి, గడ్డం పిడికి తగులుతుంది. పైగా మూడు చక్రాలది కావడంతో, మలుపు తిప్పేటప్పుడు పక్కకు ఒరుగుతుంది. వాకిలి ఉన్న ఇంట్లో, పక్కన మీరు కూర్చుని ఉంటే పర్వాలేదు. హైదరాబాద్ ఫ్లాట్‌కి మాత్రం నాలుగు చక్రాల బండి తీసుకెళ్లండి. వెడల్పాటి పెట్టెకు వెనక నిలబెట్టిన పిడి ఉండే రకం చెక్కలో దొరుకుతుంది, గట్టి ప్లాస్టిక్‌లోనూ దొరుకుతుంది.

షాపుకి వెళ్లే ముందు మీ కోడలికి ఫోన్ చేసి ఒక కొలత అడగండి. పిల్లాడిని గోడకు ఆనించి నిలబెట్టి, నేల నుంచి బొడ్డు దాకా ఎంత, చంకల దాకా ఎంత అని. పిడి ఆ రెండింటి మధ్యలో ఉండాలి. ఈ వయసులో చాలామంది పిల్లలకు అది 40 నుంచి 48 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. అంతకంటే తక్కువైతే వంగి తోస్తాడు, ముందుకు తూలుతాడు. ఎక్కువైతే వేలాడతాడు.

షాపులో బండిని నేల మీద పెట్టించి, పిడి మీద మీ అరచేయి ఆనించి గట్టిగా కిందికి నొక్కండి. ముందు చక్రాలు పైకి లేచాయంటే ఆ బండి వద్దు. ఎందుకంటే మీ వాడు బండిని తోయడమే కాదు, కింద కూర్చున్నవాడు దాన్ని పట్టుకునే పైకి లేస్తాడు. తొమ్మిది, పది కిలోల పిల్లాడు పిడికి వేలాడితే తేలికపాటి బండి తిరగబడి వాడి మీదే పడుతుంది. వెనక చక్రాలు పిడికి సరిగ్గా కిందో, ఇంకొంచెం వెనక్కో ఉన్న బండికి ఈ బాధ ఉండదు. ఆ తర్వాత ఒక్కసారి ముందుకు నెట్టి వదిలేయండి. రెండు మూడు అడుగులు పోయి ఆగితే మంచిదే. షాపు ఆ చివరికి పోయిందంటే చక్రాలు మరీ వదులుగా ఉన్నట్టు. కొన్ని బండ్లకు చక్రం దగ్గర బిగించే మర ఉంటుంది, అది ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

మంచి బండి దొరికినా మొదటి నెల దాన్ని కాస్త మందగింపజేయాలి. దానికి రెండు కిలోల బియ్యం చాలు. చిన్న దిండు గలీబులో పోసి, మూతి కుట్టేసి, పెట్టెలో పిడికి దూరంగా, ముందు వైపు అడుగున పెట్టండి. కుట్టకుండా ముడి వేస్తే విప్పేస్తాడు, గింజలు నోట్లో పెట్టుకుంటాడు. ఆ బరువుతో రెండు పనులవుతాయి. పట్టుకుని లేచినా బండి వెనక్కి ఒరగదు, తోసేటప్పుడు పరుగెత్తదు. అయినా జారుతుంటే వెనక చక్రాల చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్క బిగుతుగా తొడగండి, టైల్స్‌ని పట్టుకుంటుంది. మొదటి రోజు వాడి పాదాలను చూడండి. పాదాలు ఒంటి కిందే పడుతుంటే బరువు సరిపోయింది. ఒళ్లు ముందుకు సాగిపోయి, మునివేళ్ల మీద పరుగులా పోతుంటే ఇంకో కిలో వేయండి. ఆనుకుని తోసినా కదలక ఏడుస్తుంటే కొంచెం తీసేయండి. నెల తిరిగేసరికి ఆ మూట అక్కర్లేకపోవచ్చు. అప్పుడు వాడే పెట్టెలో బొమ్మలు, ఉల్లిపాయలు, నాన్న చెప్పులు వేసుకుని ఊరేగిస్తాడు. ఇంట్లో బండి తోసేటప్పుడు వట్టి కాళ్లే మంచివి. సాక్స్‌తో టైల్స్ మీద జారతారు.

బండికి బడ్జెట్ లేకపోతే ఏమీ చిన్నబోనక్కర్లేదు. పండ్ల షాపులో దొరికే గట్టి అట్టపెట్టెలో అడుగున నాలుగు పాత పుస్తకాలు పరిచి, మూతలు లోపలికి మడిచి అతికిస్తే అదీ తోపుడు బండే. పిన్నులు మాత్రం లాగేయండి. చక్రాలు లేవు కాబట్టి జారిపోయే టెన్షన్ లేదు. నిజానికి మొదటి రెండు మూడు వారాలకు నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

దసరా ప్రయాణంలో ఏటికొప్పాక లక్కబొమ్మలో, కొండపల్లి బొమ్మలో కూడా తీసుకెళ్లాలనిపిస్తుంది మీకు. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో చేసి, లక్కకు చెట్ల రంగులు కలిపి నునుపు తేలుస్తారు కాబట్టి అంచులు గుచ్చుకోవు. వాటిలో పెద్దవి, ఊడే ముక్కలు లేనివి ఎంచుకోండి. కొండపల్లివి అతికించిన చిన్న చిన్న ముక్కలతో ఉంటాయి, వాటిని బొమ్మల కొలువులో పైమెట్టు మీద పెట్టుకోండి, వాడి చేతికి వద్దు. తాడు కట్టి లాగే బొమ్మలకు ఇంకో అర్ధ సంవత్సరం ఆగాలి. వెనక్కి తిరిగి చూస్తూ నడవడం ఇప్పుడే రాదు. కొన్నా తాడు జానెడుకి మించకూడదు, మెడకు చుట్టుకుంటుంది.

షాపువాళ్లు పాటలు పాడే, లైట్లు వెలిగే బండి చూపిస్తారు. బ్యాటరీ పెట్టే మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. స్క్రూ లేకుండా గోటితో తెరుచుకునేదైతే వద్దు. నాణెంలా ఉండే గుండ్రటి బ్యాటరీ మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి పొరను కాల్చేస్తుంది. మింగాడన్న అనుమానం వచ్చినా విరేచనంలో పోతుందిలే అని ఎదురుచూడకూడదు, వాంతి చేయించకూడదు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. మన దేశంలో 2021 జనవరి నుంచి ఫ్యాక్టరీ బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, పెట్టె మీద అది చూసుకోండి. వెండి పట్టీలు పెడతారేమో, మువ్వలు లేనివి చేయించండి. ఊడిన మువ్వ నేరుగా నోట్లోకే వెళ్తుంది.

మీరు రాసినదాంట్లో నాకు భయం వేసింది బకెట్ మాట. తోసేవాడు ఏదో ఒకరోజు అంచు పట్టుకుని లోపలికి తొంగిచూస్తాడు. ఈ వయసులో తల బరువెక్కువ, తలకిందులుగా పడితే తిరిగి లేవలేడు. అంగుళం రెండంగుళాల నీళ్లున్నా ప్రాణం మీదికి వస్తుంది, చప్పుడు కూడా వినపడదు. బకెట్ ఖాళీ చేసి బోర్లించి, బాత్‌రూమ్ తలుపుకి బయట పైన గడియ పెట్టమనండి. కుర్చీలు, స్టూళ్లు బాల్కనీలో ఉంచవద్దని కూడా చెప్పండి. ఇవాళ తోసిన స్టూలును ఇంకొన్ని నెలల్లో గోడకు ఆనించి ఎక్కుతాడు.

చివరగా, ఇదే వయసు పిల్లలున్న మిగతా పాఠకుల కోసం. కొందరు తొమ్మిదో నెలలో నడుస్తారు, కొందరు పదిహేడో నెల దాటాక. బండి కొంటే నడక త్వరగా వస్తుందని కొనకండి, రాదు. 18 నెలలు నిండినా సొంతంగా అడుగు వేయకపోయినా, ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తున్నా, ఒక కాలు ఈడుస్తున్నా, బండిని ఒక చేత్తోనే తోస్తూ రెండో చేయి పిడికిలి బిగించే ఉంచుతున్నా పిల్లల డాక్టర్‌కి చూపించండి. వచ్చేటప్పుడు నడక మీద చిన్న వీడియో తీసుకురండి. మా గదిలోకి రాగానే అమ్మ చంక దిగే పిల్లలు తక్కువ.