చిన్న బెడ్ మీద పెద్ద గుండ్రటి ఫ్రేమ్: చివరి ముక్క ఎందుకు పట్టదు?

ప్రశ్న: "నా 3D ప్రింటర్ బెడ్ 180 × 180 మి.మీ. మాత్రమే. 32 సెం.మీ. గుండ్రటి అద్దం ఫ్రేమ్‌ని నాలుగు ముక్కలు చేసి పెగ్స్‌తో కలుపుదామనుకున్నా. కొన్ని పెగ్స్ దూరట్లేదు, కొన్ని లూజు. మూడు ముక్కలు కలిశాక నాలుగోది అసలు పట్టట్లేదు, గట్టిగా తోస్తే విరిగేలా ఉంది. మళ్లీ ప్రింట్ చేసే ముందు ఏం మార్చాలి?"

ముందు నాలుగో ముక్క సంగతి చూద్దాం. పెగ్స్ ఎంత అరగదీసినా అది బాగుపడదు. మూడు ముక్కలు కలిపాక మిగిలిన ఖాళీకి రెండు ముఖాలు ఉంటాయి కదా, ఆ రెండూ ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉంటాయి. ఒక వైపు పెగ్స్ ముక్కని కింద నుంచి పైకి రమ్మంటాయి, రెండో వైపు పెగ్స్ పక్క నుంచి రమ్మంటాయి. ఒకే ముక్క ఒకేసారి రెండు దిక్కుల్లో ఎలా కదులుతుంది? నేను మొదటిసారి ఇది అర్థం కాక ఒక సాయంత్రమంతా ఆకురాయి పట్టుకుని పెగ్స్ అరగదీస్తూ కూర్చున్నా. చివరికి అన్నీ లూజైపోయాయి, ముక్క మాత్రం అప్పుడూ పట్టలేదు.

దారి సులువే. మూడుకి ఒకటి చేర్చకుండా రెండేసి కలపండి. ఒకటీ రెండూ కలిపితే ఒక సగం, మూడూ నాలుగూ కలిపితే ఇంకో సగం. ఇప్పుడు ప్రతి సగానికీ ఉన్న రెండు చివరి ముఖాలు ఒకే వ్యాసం గీత మీద ఉంటాయి కాబట్టి అన్ని పెగ్స్ ఒకే దిక్కుకి చూస్తాయి, రెండు సగాలనీ ఎదురెదురుగా పెట్టి నేరుగా తోస్తే వచ్చేస్తాయి. అన్నట్టు, గుండ్రటి వస్తువుని పెగ్స్‌తో మూడు సమాన ముక్కలు చేయాలని ఎప్పుడూ చూడకండి, అక్కడ ఈ సౌకర్యం ఉండదు, చివరి ముక్కకి ఇదే తంటా.

మీ ఫ్రేమ్ వెడల్పు, మందం మీరు చెప్పలేదు. నాది కూడా మీ సైజే, బయటి వ్యాసం 320, వెడల్పు 40, మందం 12 మి.మీ. ఇకపై ఆ లెక్కలే చెప్తా. అందులో నాలుగో వంతు 160 × 160 లో ఇమిడిపోతుంది, 180 బెడ్ మీద చుట్టూ 5 మి.మీ. బ్రిమ్ వేసినా చోటు ఉంటుంది.

రెండో విషయం చాలామందికి తట్టదు, నాకూ రెండో ఫ్రేమ్ పాడయ్యాకే తట్టింది. మీరు మోడల్‌ని కోసి నాలుగు ముక్కలూ ప్రింట్ చేశారా, లేక ఒక పావు ముక్కనే నాలుగు కాపీలు తీశారా? అన్నీ ఒకేలా ఉంటాయి కదా అని నేను నాలుగు కాపీలు తీశా. నా ప్రింటర్ X, Y అక్షాలు సరిగ్గా మూలమట్టానికి లేవు, 90కి బదులు సుమారు 89.7 డిగ్రీలు వస్తోంది. ఒక్క ముక్కలో 0.3 డిగ్రీ కంటికి ఆనదు. కానీ ఒకే తీరులో బెడ్ మీద పెట్టిన నాలుగు కాపీల్లోనూ తప్పు ఒకే వైపుకి ఉంటుంది, కలిపితే 1.2 డిగ్రీలు. బయటి అంచు దగ్గర అది 3 మి.మీ. పైనే సందు! పెగ్స్ కిర్రుమంటూ వంగడం, చివరి జాయింట్ నోరు తెరుచుకోవడం అన్నీ దీని వల్లే.

దీన్ని పట్టుకోవడం తేలిక. రెండు ముక్కలు జిగురు లేకుండా కలిపి అర్ధచంద్రంలా చేయండి, దాని రెండు చివరల్నీ తిన్నటి స్కేలు అంచుకి ఆనించి వెలుతురు వైపు పట్టుకుని చూడండి. బయటి మూలల దగ్గర వెలుతురు కనిపిస్తే మీ కోణం 90 కంటే తక్కువ వస్తోంది, లోపలి మూలల దగ్గర కనిపిస్తే ఎక్కువ వస్తోంది. ఎక్కడా వెలుతురు లేకపోతే కింది పేరా వదిలేయండి.

ప్రింటర్ ఫ్రేమ్ విప్పి మూలమట్టం చేసుకోగలిగితే మంచిదే. లేకపోతే ఇంకో ఉపాయం ఉంది. ముక్కల్ని అసలు మోడల్‌లో ఏ తీరులో ఉన్నాయో అదే తీరులో, తిప్పకుండా ప్రింట్ చేయండి. అప్పుడు ఒక పావుకి 89.7 వస్తే దాని పక్క పావుకి 90.3 వస్తుంది, నాలుగూ కలిపితే 360 ఖచ్చితంగా వస్తుంది. స్లైసర్‌లో కోసిన తర్వాత ముక్కలు వాటి తీరులోనే ఉంటాయి, కానీ అరేంజ్ చేసేటప్పుడు ముక్కల్ని తిప్పే ఆప్షన్ ఆన్‌లో ఉంటే మీకు చెప్పకుండా తిప్పేస్తుంది, అది ఆపేయండి. దీనికి చెల్లించే మూల్యం ఏంటంటే ఫ్రేమ్ కాస్త కోలగా వస్తుంది, 0.3 డిగ్రీకి ఒక ఏటవాలు దిక్కులో 0.8 మి.మీ. పొడవు పెరిగి, దానికి అడ్డంగా అంతే తగ్గుతుంది. కంటికి తెలియదు గానీ అద్దం కూర్చునే గాడిలో చుట్టూ 1 మి.మీ. ఖాళీ ఉంచకపోతే అద్దం దిగదు.

ఇక పెగ్స్. స్లైసర్ `Cut` టూల్‌లో `Plug` పెట్టారనుకుంటా, అంటే ఒక ముక్కకే పెగ్ అతుక్కుని వచ్చే రకం. మన ఫ్రేమ్ బెడ్ మీద పడుకుని ప్రింట్ అవుతుంది కాబట్టి ఆ పెగ్ గాల్లో అడ్డంగా పొడుచుకుని వస్తుంది, దాని కింద సపోర్ట్ కావాలి, సపోర్ట్ తీశాక అడుగు గరుకుగా ఉండి రంధ్రంలోకి దూరదు. `Dowel` పెట్టండి. అప్పుడు రెండు వైపులా రంధ్రాలే వస్తాయి, పెగ్స్ విడిగా వస్తాయి. వాటిని పడుకోబెట్టి ప్రింట్ చేస్తే లేయర్లు పొడవునా పోతాయి కాబట్టి పుటుక్కున విరగవు. నిలబెట్టి ప్రింట్ చేసిన పెగ్ వేళ్లతో వంచితేనే లేయర్ దగ్గర విరిగిపోతుంది, ఒకటి చేసి చూడండి కావాలంటే.

ఆకారం గుండ్రం వద్దు. అడ్డంగా ఉన్న గుండ్రటి రంధ్రానికి పైకప్పు జారి కిందికి వేలాడుతుంది, అందుకే మీ పెగ్స్‌లో కొన్ని దూరట్లేదని నా అనుమానం. నేను 5 × 5 మి.మీ. చదరపు పెగ్ వాడి, రంధ్రాన్ని మాత్రం 45 డిగ్రీలు తిప్పి డైమండ్‌లా పెడతా. పైకప్పు రెండు వాలుల్లా వస్తుంది, సపోర్ట్ అక్కర్లేదు. పెగ్ చదరంగా ఉంటుంది కాబట్టి బెడ్ మీద పక్కకి హాయిగా పడుకుంటుంది. డైమండ్ ఎత్తు సుమారు 7 మి.మీ., 12 మందంలో పైనా కిందా 2.5 చొప్పున మిగులుతుంది, అంతకంటే పల్చనైతే పెగ్ సైజు తగ్గించుకోండి.

బిగువు మాత్రం ఎవరి నంబరూ కాపీ కొట్టొద్దు, నాది కూడా. అసలు ముక్కలు ప్రింట్ చేసే ముందు ఈ చిన్న దిమ్మె, ఒక పెగ్ మీ ఫిలమెంట్‌తోనే ప్రింట్ చేయండి. ఓపెన్‌స్కాడ్ కోడ్ ఇది, 5.1 నుంచి 5.5 వరకు ఐదు రంధ్రాలు వస్తాయి. దిమ్మెని తిప్పకుండా, ఇలాగే పడుకోబెట్టి ప్రింట్ చేయాలి.

```
difference() {
  cube([64, 15, 12]);
  for (i = [0:4]) {
    s = 5.1 + i * 0.1;
    translate([8 + i * 12, -1, 6])
      rotate([0, 45, 0])
        translate([-s/2, 0, -s/2])
          cube([s, 13.5, s]);
  }
}
```

పెగ్‌ని దూర్చే ముందు బెడ్‌కి ఆనిన వైపు అంచుల మీద గోరు పెట్టి లాగి చూడండి. మొదటి లేయర్ నొక్కుకుపోయి బయటికి పొంగి ఉంటే గోటికి తగులుతుంది. చాకుతో ఆ రెండు అంచులూ గీకేయండి, లేదా స్లైసర్‌లో ఎలిఫెంట్ ఫుట్ కాంపెన్సేషన్ 0.2 పెట్టండి. ఈ పొంగు తీయకుండా బిగువు చూస్తే ఫలితం తప్పుగా వస్తుంది. నా ప్రింటర్ మీద 5.2 రంధ్రంలో పెగ్ బొటనవేలితో నొక్కితే దూరుతుంది, 5.3లో జారుతుంది, 5.5లో గిలకలా ఆడుతుంది.

ఒక్కో జాయింట్‌లో రెండు పెగ్స్ పెడతాం కదా, ఆ రెండింటికీ బిగువు రంధ్రాలు పెట్టొద్దు. రెండింటి మధ్య దూరం కొంచెం తేడా వచ్చినా అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. ఒకసారి నేను అలా పెట్టి సుత్తితో తట్టా. డైమండ్ మూల దగ్గర ఫ్రేమ్ లేయర్ల మధ్యన విచ్చుకుపోయింది, చీలికలో గోరు పట్టేంత. అప్పటి నుంచి ఒకటి 5.2, రెండోది 5.4 పెడుతున్నా. బిగువుది స్థానం పడుతుంది, వదులుది తిరగకుండా ఆపుతుంది, అంతే దాని పని. పెగ్ పొడవు 24, రంధ్రాలు ఒక్కోటి 12.5 లోతు. ఆ మిగిలిన అర మిల్లీమీటరు జిగురుకీ లోపలి గాలికీ. అది లేకపోతే గాలి చిక్కుకుని పెగ్‌ని వెనక్కి తోస్తుంది.

కలిపే ముందు జాయింట్ ముఖాలు కూడా చూసుకోండి. బ్రిమ్ తీశాక కింది అంచున సన్నని పొర మిగిలిపోతుంది, అదొక్కటి చాలు జాయింట్ ముందు వైపు మూసుకుని వెనక సందు ఉండటానికి. ఆకురాయితో ఆ అంచుని మాత్రం కొంచెం వాల్చేయండి, ముఖం మొత్తాన్ని రుద్దకండి, రుద్దితే కోణం మారిపోయి మళ్లీ మొదటికొస్తారు. ముక్క చివర్లు బెడ్ మీద పైకి లేచి ఉంటే మాత్రం రుద్దుడుతో లాభం లేదు, పక్క ముక్కతో మెట్టు కనిపిస్తుంది. ఆ ముక్క మళ్లీ ప్రింట్ చేయడమే.

జిగురుకి సూపర్ గ్లూ వద్దు. బిగువు పెగ్‌కి రాసి సగం దూర్చేలోపే పట్టేస్తుంది, ఇక ముందుకీ పోదు, వెనక్కీ రాదు. నిదానంగా ఆరే ఎపాక్సీ తీసుకోండి. ముందు అన్నీ జిగురు లేకుండా కలిపి చూసి, ముక్కల వెనక నంబర్లు రాసి, పెగ్స్‌ని ఒక వైపు మాత్రమే అతికించి ఆరనివ్వండి. తర్వాత రెండు సగాలు చేయండి. అవి ఆరేటప్పుడు బల్ల మీద బోర్లా పడుకోబెట్టాలి, కింద ప్లాస్టిక్ కవర్ పరచకపోతే ఫ్రేమ్ బల్లకే అతుక్కుంటుంది. మర్నాడు రెండు సగాల్నీ కలిపి చుట్టూ సైకిల్ ట్యూబ్ ముక్క సాగదీసి కట్టండి. గుండ్రటి ఫ్రేమ్‌ని అన్ని వైపుల నుంచి సమానంగా నొక్కడానికి క్లాంపుల కంటే అదే బాగా పనిచేసింది నాకు.

ఇప్పుడు మీ దగ్గరున్న నాలుగు ముక్కల్ని పారేయకండి. వెలుతురు పరీక్షలో కోణాలు సరిగ్గా ఉంటే, వాటి పెగ్స్ కోసేసి ముఖం చదును చేసి, 4 మి.మీ. డ్రిల్‌తో రెండు వైపులా రంధ్రాలు వేసి ఇనుప ఊచ ముక్కలు పెట్టి కలిపేయొచ్చు. చేత్తో డ్రిల్ చేస్తే రంధ్రం తిన్నగా పడదు, కాబట్టి ముందు ఫ్రేమ్ మందంతో సమానమైన ఒక గైడ్ దిమ్మె ప్రింట్ చేసుకుని దాని రంధ్రం గుండా వేయండి.