“ముందే చెప్పినట్టు” అని ఇంగ్లిష్‌లో రాస్తే కోపంగా ఎందుకు వినిపిస్తుంది?

ప్రశ్న: “సప్లయర్‌కి మెయిల్ పెట్టి పది రోజులైంది, రిప్లై లేదు. గుర్తు చేద్దామని ‘యాజ్ ఐ ఆల్రెడీ టోల్డ్ యూ’ అని మొదలుపెట్టి మళ్లీ రాశాను. మా మేనేజర్ గారు చూసి, తిట్టినట్టుంది అన్నారు. ప్లీజ్ అని కూడా పెట్టాను. తప్పెక్కడ జరిగింది?”

విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్టుల హోల్‌సేల్ షాపులో తొమ్మిదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. బయటి రాష్ట్రాల సప్లయర్లకు రోజూ మెయిళ్లు పెట్టాల్సిన పని. మీరు రాసిన ఆ మాటే నేనూ రాసి ఇబ్బంది పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

మన నోట్లో “ముందే చెప్పాను కదండీ” అనే మాటలో సగం మర్యాద ఆ “అండీ”లోనే ఉంది. ఇంకొంత “మీరు”లో ఉంటుంది, మిగతాది గొంతులో ఉంటుంది. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ఈ మూడూ రాలిపోతాయి. అక్కడ “నువ్వు”కీ “మీరు”కీ ఒకటే “యూ”. చివరికి మిగిలేది “నేను చెప్పాను, నువ్వు వినలేదు” అన్న ముక్క. “ఆల్రెడీ” దాన్ని ఇంకా గట్టి చేస్తుంది, మళ్లీ అడిగించుకోవడం ఎదుటివాళ్ల తప్పే అన్నట్టు. ముందు “ప్లీజ్” పెట్టినా ఆ దెబ్బ తగ్గదు.

నా సంగతి చెబుతాను. పుణె సప్లయర్ ఒకరి దగ్గర జూన్ 12న బేరింగులు కొన్నాం. సరుకు విలువ 1,40,000, దాని మీద వేరే రాష్ట్రం సరుకుకి పడే 18 శాతం ఐజీఎస్టీ 25,200. వాళ్లు మామూలుగా జూన్ అమ్మకాల రిటర్న్, అంటే జీఎస్టీఆర్-1, జులై 11 లోపు వేస్తే, 14న మా కొనుగోలు బిల్లుల జాబితా జీఎస్టీఆర్-2బిలో ఆ బిల్లు కనపడాలి. కనపడితేనే ఆ 25,200 మేము కట్టే పన్నులోంచి తగ్గించుకోగలం. 14న చూస్తే బిల్లు లేదు. 20న పన్ను కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బి వెయ్యాలి. టెన్షన్ మొదలైంది.

15న మెయిల్ పెట్టాను: మీ బిల్లు మా 2బిలో రాలేదు, చూడండి అని. మూడు రోజులు జవాబు లేదు. 18 పొద్దున్న మళ్లీ రాశాను: “యాజ్ ఐ ఆల్రెడీ టోల్డ్ యూ, ఇన్వాయిస్ ఈజ్ నాట్ షోయింగ్. వై యూ ఆర్ నాట్ రెస్పాండింగ్? కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.” రాసేటప్పుడు నా మనసులో కోపం లేదు. కంగారు ఉంది, అంతే.

మధ్యాహ్నానికి ఒక్క లైన్ వచ్చింది: “ఆల్రెడీ ఫైల్డ్, ప్లీజ్ చెక్ అట్ యువర్ ఎండ్.” వాళ్ల మేనేజర్‌ని కూడా కాపీలో పెట్టారు. నా “ఆల్రెడీ” నాకే తిరిగొచ్చింది. ఫోన్ చేస్తే అవతల ఉన్న అమ్మాయి చాలా ముభావంగా మాట్లాడింది. రెండు నిమిషాలయ్యాక చెప్పింది, “సర్, నేను ఖాళీగా కూర్చున్నానని మీరు తిట్టినట్టు అనిపించింది. 15నే పోర్టల్లో చూశాను, బిల్లు ఎక్కించే ఉంది, అందుకే జవాబు రాయలేదు” అని.

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. బిల్లు ఎక్కింది, కానీ మా హైదరాబాద్ బ్రాంచి జీఎస్టీ నంబర్ మీద ఎక్కింది. ఆంధ్రప్రదేశ్ నంబర్ 37తో మొదలవుతుంది, తెలంగాణది 36తో. నంబరు మధ్యలో వచ్చే పాన్ ఒకటే కాబట్టి అక్కడ అక్షరాలూ అంకెలూ ఒకేలా ఉంటాయి, పైపైన చూస్తే తేడా తెలియదు. నా మొదటి మెయిల్లో మా జీఎస్టీ నంబరే రాయలేదు. అంటే “ముందే చెప్పాను” అని నేను రాసిన మాట నిజం కూడా కాదు. చెప్పాల్సింది చెప్పనే లేదు.

ఆ రోజు నుంచి ఈ మాటంటే నాకు భయం పట్టుకుంది. మర్యాద సంగతి ఒకెత్తు. “ముందే చెప్పాను” అని రాయగానే, ఏం చెప్పామో మళ్లీ రాయాల్సిన పని తప్పిపోయిందనుకుంటాం. ఎదుటివాళ్లు పాత మెయిల్ వెతుక్కుని, అందులో లేనిది ఊహించుకోవాలి. “డూ ద నీడ్‌ఫుల్”తోనూ ఇదే చిక్కు. ఏం చెయ్యాలో రాసేవాళ్ల బుర్రలో ఉంటుంది, కాగితం మీద ఉండదు.

చాలామంది “టోల్డ్” తీసేసి “మెన్షన్డ్” పెడితే సరిపోతుందంటారు. కొంచెం మెత్తబడుతుంది, నిజమే. కానీ జవాబు రాని చోట “యాజ్ ఐ మెన్షన్డ్” కూడా గుచ్చుకుంటుంది, ఎందుకంటే వాక్యం ఇంకా “నేను చెప్పాను” దగ్గరే మొదలవుతోంది. నేనైతే ఆ “నేను”ను తీసేసి బిల్లును ముందు పెడతాను. ఆలోచిస్తే మన పద్ధతి కూడా ఇదే. రావాల్సిన డబ్బు కోసం పెద్దవాళ్ల షాపుకి వెళ్తే “ముందే అడిగాను” అనం. “మొన్న అనుకున్న ఆ బిల్లు సంగతి కనుక్కుందామని వచ్చానండి” అంటాం. ఆ వాక్యంలో సంగతే ముందుంటుంది. ఇంగ్లిష్‌లోకి మోసుకుపోవాల్సింది ఈ వాక్యాన్ని.

ఫోన్ పెట్టేశాక ఇలా రాశాను. సబ్జెక్టులోనే బిల్లు నంబరు, తేదీ, “37 బదులు 36” అని పెట్టాను. మొదటి లైన్: “దిస్ ఈజ్ అబౌట్ ద ఇన్వాయిస్ డేటెడ్ జూన్ 12, మై మెయిల్ ఆఫ్ జులై 15 డిడ్ నాట్ గివ్ అవర్ జీఎస్టీ నంబర్, సో హియర్ ఇట్ ఈజ్.” కింద మా 15 అక్షరాల నంబరు పూర్తిగా, వాళ్లు వాడిన నంబరు దాని పక్కనే. తర్వాత అడగాల్సింది ఒక్కటే: “కుడ్ యూ ప్లీజ్ అమెండ్ ఇట్ ఇన్ జులై జీఎస్టీఆర్-1?” ఆగస్టు 11 లోపు అయితే మాకు 14న వచ్చేస్తుంది అని తేదీ కూడా రాశాను. తేదీ ఇస్తే తొందరపెట్టినట్టు ఉంటుందేమో అనిపిస్తుంది, కానీ కారణంతో పాటు ఇస్తే ఎవరూ తప్పు పట్టరు.

గంటలో “ష్యూర్ సర్” అని వచ్చింది. ఆ నెల 25,200 మేము చేతి నుంచి కట్టాల్సి వచ్చింది, ఓనర్ గారితో చీవాట్లు కూడా తిన్నాను. ఆగస్టు 14న మాత్రం బిల్లు మా 2బిలో కనపడింది.

మీరు పంపేముందు ఒక పని చేసి చూడండి. రాసిన ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగులో, “అండీ” లేకుండా పైకి చదవండి. “ముందే చెప్పాను. ఎందుకు జవాబివ్వలేదు?” ఆ మాట ఆ మనిషి ఎదురుగా నిలబడి అనగలరా? అవతలివాళ్ల చెవికి అలాగే చేరుతుంది.

రెండుసార్లు రాసినా జవాబు లేకపోతే మూడోది ఫోనే. వాళ్ల పైవాళ్లను కాపీలో పెట్టడం ఆ తర్వాతి మాట. అప్పుడు కూడా “ఇన్నిసార్లు చెప్పాను” అనక్కర్లేదు, “జులై 15, 18 తేదీల మెయిళ్లు” అని రాస్తే చాలు, లెక్క వాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ విషయానికొస్తే, పంపిన మెయిల్ గురించి పెద్ద క్షమాపణ అవసరం లేదు. మీ మొదటి మెయిల్ తెరిచి, అందులో వాళ్లకు కావాల్సిన నంబరో కాగితమో లేకుండా పోయిందేమో చూడండి. అది జతచేసి “సారీ ఇఫ్ మై లాస్ట్ మెయిల్ సౌండెడ్ హర్ష్” అని ఒక్క ముక్క పెట్టి, ఏం కావాలో ఒకే ప్రశ్నగా అడగండి. ఇవాళే పంపండి, పది రోజులు ఇప్పటికే అయిపోయాయి.