పని అప్పజెప్పాక రేటు తగ్గించమంటే: ఇంటీరియర్ పనిలో చివరి బిల్లు నిలబెట్టుకోవడం

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్‌కి కిచెన్, రెండు వార్డ్‌రోబ్‌లు చేసిచ్చాం. మొత్తం 3,40,000కి ముందే కొటేషన్ మీద సంతకం అయింది. 3,06,000 వచ్చింది. పని అయిపోయి, గృహప్రవేశం కూడా జరిగాక మిగతా 34,000 అడిగితే "20 వేలు చూసి వదిలేయండి, ఇదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఇద్దరిని మీ దగ్గరికి పంపిస్తాం" అంటున్నారు. మనుషులు మంచివాళ్ళే. తగ్గించకుండా, చెడకుండా ఎలా మాట్లాడాలి?

జవాబు:

ముందు ఫోన్‌లో ఔననీ అనకండి, కాదనీ అనకండి. "సార్, ఫైనల్ బిల్లు పట్టుకుని ఆదివారం వస్తాను, ఒకసారి షట్టర్లు కూడా చూసుకుంటాను" అని పెట్టేయండి. ఫోన్‌లో అయితే మాట మొత్తం అంకెల మీదే నడుస్తుంది. ఇంట్లో కూర్చుంటే కళ్ళ ముందు మీ పని ఉంటుంది. వెళ్ళేటప్పుడు టేపు, స్టార్ స్క్రూడ్రైవర్, సంతకం ఉన్న కొటేషన్, కొలతల కాగితం దగ్గర పెట్టుకోండి.

వెళ్ళగానే డబ్బు మాట ఎత్తకండి. ప్రతి షట్టరూ తెరిచి మూయండి. రెండు షట్టర్ల మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా, 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి. కొత్త పనిలో సామాన్లు సర్దాక ఒకటి రెండు షట్టర్లు వాలడం మామూలే. హింజ్ మీద షట్టర్ వైపున్న ముందు స్క్రూ తిప్పితే షట్టర్ పక్కకి జరుగుతుంది, వెనక స్క్రూతో లోపలికీ బయటికీ జరుగుతుంది, ప్లేట్ స్క్రూలు వదులు చేస్తే పైకీ కిందికీ జరుగుతుంది. ఒక్కో షట్టర్‌కి రెండు నిమిషాల పని. ఇది కస్టమర్ చూస్తుండగా చేయాలి. సింక్ కింద తడి ఉందేమో, ఎడ్జ్ బ్యాండ్ ఎక్కడైనా లేచిందేమో కూడా చూడండి. చిన్న లోపాలన్నీ ముందే సరిచేసేస్తే, "ఆ డోర్ సరిగ్గా పడట్లేదు కదా, అందుకే తగ్గించమంటున్నాం" అనే దారి మూసుకుపోతుంది. లోపం ఉంటే బాగు చేసివ్వడం మీ బాధ్యత, దానికి బదులు డబ్బు తగ్గించడం కాదు. ఈ రెండూ కలిసిపోతే ఆ డోర్ బాగయ్యాక కూడా 20 వేలు అలాగే నిలబడి ఉంటాయి.

తర్వాత కూర్చుని ఒక్క మాట అడగండి: "సార్, ఏ ఐటం దగ్గర ఎక్కువ అనిపించింది?" అడిగాక ఆగండి, మధ్యలో మాట అందించకండి. వచ్చే సమాధానాన్ని బట్టే మిగతాదంతా.

చాలాసార్లు రేటు మీద అసలు ఫిర్యాదే ఉండదు. గృహప్రవేశంలో భోజనాలు, బట్టలు, పంతులు గారి సంభావన అన్నీ అయ్యాక చేతిలో డబ్బు ఉండదు. ఆ మాట చెప్పుకోలేక తగ్గించమంటారు. "ఈ నెల కాస్త టైట్‌గా ఉంది" అన్న మాట ఏ మూలనుంచి వినిపించినా అక్కడే పట్టుకోండి. వాళ్ళకి కావలసింది గడువు. "ఈ వారం 15 వేలు ఇవ్వండి సార్, మిగతాది వచ్చే నెల జీతం పడ్డాక 5వ తారీఖున వేయండి" అంటే మీ రేటు చెక్కుచెదరదు, వాళ్ళ మర్యాదా నిలబడుతుంది. తారీఖు మాత్రం అక్కడే పలికించుకోవాలి. "వీలు చూసుకుని ఇవ్వండి" అంటే ఆ వీలు దొరకదు.

రెండో రకం, "పక్క ఫ్లాట్‌లో చదరపు అడుగు 1,150కే చేశారట, మీరు 1,400 వేశారు" అనేది. ఈ మాట సాధారణంగా బావమరిదో, పై ఫ్లోర్ ఆయనో అంటించి ఉంటారు. పక్కవాళ్ళ పనిని తిట్టకండి, చూడని పనికి వంక పెట్టకండి. "అందులో ఏం వాడారో తెలిస్తే పోల్చి చెబుతాను సార్" అనండి. అడగాల్సినవి మూడే. బాక్స్ ప్లైవుడ్డా, పార్టికల్ బోర్డా? ప్లైవుడ్ అయితే 710 గ్రేడా, 303 గ్రేడా? లోపలి వైపు కూడా లామినేట్ వేశారా? వీటిలో ఏ ఒక్కటి మారినా అడుగు రేటు మారిపోతుంది. కొలిచే పద్ధతి కూడా చూడాలి. కొందరు ముందువైపు వైశాల్యం మాత్రమే కొలుస్తారు, కొందరు బయటికి కనిపించే పక్క ప్యానెల్స్ విడిగా కలుపుతారు. అడుగు రేటు తక్కువున్నా మొత్తం బిల్లు ఎక్కువ వచ్చేది ఇక్కడే.

మీరు వాడిన సరుకుకు రుజువు చూపించగలిగితేనే ఈ పోలిక పనికొస్తుంది. లామినేట్ అతికాక ప్లై మీది ముద్ర కనబడదు. అందుకే షీట్లు దిగిన రోజే ISI మార్కు, IS 710, CM/L నంబరు కనబడేలా ఫొటో తీసి కస్టమర్‌కి వాట్సాప్‌లో పంపే అలవాటు ఉండాలి. అది ఉంటే ఇప్పుడు పాత చాట్ పైకి జరిపి చూపిస్తే చాలు. లేకపోతే దుకాణం బిల్లులో ప్లై గ్రేడు రాసిన లైను చూపించండి. ధరల కాలమ్ మాత్రం మడిచేయండి. మీ కొనుగోలు ధర, లాభం ఎప్పుడూ బయటపెట్టకూడదు. "నాకు మిగిలేదే 40 వేలు సార్" అన్న మరుక్షణం సంభాషణ మీ లాభం మీదికి వెళ్తుంది, అక్కడ మీరు గెలవలేరు. ఈ లెక్క మీ ధైర్యం కోసం మీ మనసులో ఉంచుకోవాల్సింది. సరుకు, కూలి, రవాణా అన్నీ పోను 40 వేలు మిగిలే పనిలో 20 వేల తగ్గింపు అంటే కస్టమర్‌కి ఆరు శాతం కూడా కాదు, మీకు సగం లాభం.

మూడోది కొలత తేడా. ఇది నిజమైతే వాళ్ళు అడగకముందే మీరే తగ్గించాలి. కొటేషన్‌లో రెండు వార్డ్‌రోబ్‌లూ 7 × 7 అడుగులు అనుకుందాం. ఒక్కోటి 49 చదరపు అడుగులు, 1,400 చొప్పున 68,600. బిగించేటప్పుడు పిల్లర్ అడ్డొచ్చి ఒకటి 6 అడుగుల 9 అంగుళాలకే ఆగింది. అంటే 47.25 చదరపు అడుగులు. తేడా 1.75 చదరపు అడుగులు, డబ్బుగా 2,450. ఆదివారం తీసుకెళ్ళే ఫైనల్ బిల్లులో ఈ 2,450 తీసేసి, బ్యాలెన్స్ 31,550 అని రాసి ఉండాలి. చూడటానికి చిన్న మొత్తమే కానీ ఈ లైను చేసే పని పెద్దది. మీ బిల్లు కొలత ప్రకారం కదులుతుంది, అడిగినంత మాత్రాన కదలదు అని కాగితమే చెబుతుంది. మీరు ఉచితంగా చేసింది ఏమైనా ఉంటే (పూజ గదికి ఒక షెల్ఫ్ లాంటిది) దాన్ని కూడా బిల్లులో రాసి ఎదురుగా సున్నా వేయండి. నోటితో "అది ఫ్రీగా చేశాం కదా" అంటే దెప్పినట్టుంటుంది.

ఇంతా అయ్యాక కూడా "అవన్నీ సరే, ఏదో ఒకటి తగ్గించండి" అంటే అది ఒట్టి బేరం. అప్పుడు మాట పొట్టిగా ఉండాలి: "సార్, తేడా వచ్చిన 2,450 నేనే తీసేశాను. మిగతాది మనం అనుకున్న రేటే. చివర్లో తగ్గించే ఉద్దేశం ఉంటే మొదట్లో అంత కలిపి చెప్పేవాణ్ణి, అలా చెప్పలేదు." నవ్వుతూ చెప్పండి, రెండోసారి వివరించకండి. ప్లై రేట్లు పెరిగాయి, మేస్త్రులు దొరకట్లేదు అని కారణాలు పేర్చేకొద్దీ ప్రతి కారణానికీ ఒక బేరం పుడుతుంది.

అందరూ జారేది "సరే, సగం సగం చేసుకుందాం, పది వేలు" దగ్గర. ఇందులో పోయేది పదివేలే కాదు. వాళ్ళు పంపుతామన్న ఆ ఇద్దరికీ మీ నంబరుతో పాటు "చివర్లో అడుగు, పదివేలు తగ్గిస్తాడు" అనే సలహా కూడా వెళ్తుంది. కాబట్టి ఆ ఇద్దరి విషయం ఈ బిల్లులో కలపనివ్వకండి. నిజంగా ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే ప్లై ఒకే లోడ్‌లో దిగుతుంది, మనుషులు ఒకే బిల్డింగ్‌లో ఉంటారు, ఖర్చు నిజంగానే తగ్గుతుంది. ఆ తగ్గింపు వాళ్ళ కొటేషన్‌లో, అడ్వాన్స్‌కి ముందే ఇస్తానని చెప్పండి. కస్టమర్‌కి కూడా పొరుగువాళ్ళకి మేలు చేసిన పేరు వస్తుంది.

మంచితనం నిలిచేది డబ్బు తగ్గించడం వల్ల కాదు, డబ్బు చేతిలో పడ్డాక మీరు ఫోన్ ఎత్తడం వల్ల. వానాకాలం దాటాక ఒకసారి వచ్చి హింజ్‌లన్నీ సరిచేసి వెళ్తానని బిల్లు మీదే రాసివ్వండి. మిగిలిన లామినేట్ ముక్కలు, వెనక షేడ్ కోడ్ రాసి, లాఫ్ట్‌లో పెట్టేయండి. రేపు ఏదైనా అంచు దెబ్బతింటే అవే పనికొస్తాయి. ఇవి బేరంలో పడేసే తాయిలాల్లా కనబడకూడదు. "అయితే సర్వీస్ వద్దు, డబ్బే తగ్గించండి" అనే అవకాశం ఇవ్వకుండా, మొదటి నుంచీ అందరికీ ఇచ్చేదే అన్నట్టు చెప్పండి.

కొలత తేడా కాక తగ్గించాల్సిన సందర్భం ఇంకొకటుంది: బాగు చేయడానికి వీల్లేని లోపం, లేదా బాగు చేయడం కస్టమర్‌కే ఇష్టం లేని లోపం. ఒక షట్టర్‌కి వేరే బ్యాచ్ లామినేట్ పడి రంగు కాస్త తేడా వచ్చింది, మళ్ళీ విప్పి దుమ్ము లేపొద్దు అంటున్నారు అనుకోండి. ఆ ఒక్క షట్టర్ లామినేట్, కూలి ఖర్చు తీసేసి, కారణం బిల్లులో రాయండి.

ఇంటినుంచి బయటికి రాగానే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: "సార్, ఈరోజు షట్టర్లు సరిచేశాం. కొలత తేడా 2,450 తీసేయగా బ్యాలెన్స్ 31,550. 5వ తారీఖులోపు ఇస్తామన్నారు. ధన్యవాదాలు." ఒకవేళ 14,000 వేసి ఊరుకుంటే తీసుకోండి, వెంటనే "14,000 అందింది, మిగిలింది 17,550" అని రాయండి. "ఫుల్ అండ్ ఫైనల్" అని రాసిన రసీదు మీద మాత్రం సంతకం పెట్టకండి. కోపంలో షట్టర్లు విప్పుకొస్తాననడం, హార్డ్‌వేర్ వారంటీ కార్డులు ఆపడం లాంటివి చేయొద్దు. బిగించిన సరుకు వాళ్ళది, విప్పితే కేసు మీ మీదికి వస్తుంది. చేసిన పని తాలూకు డబ్బుకి దావా వేయడానికి పని పూర్తయినప్పటినుంచి మూడేళ్ళ గడువుంది. అంతకన్నా తేలిక దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టడం, దానికి ఫీజు ఉండదు. 17 వేల కోసం అక్కడిదాకా వెళ్ళాలా అన్నది మీ ఇష్టం. అదే అపార్ట్‌మెంట్‌లో పని వచ్చే అవకాశం ఉంటే నేనైతే నెలకోసారి మర్యాదగా మెసేజ్ పెడుతూ ఆగుతాను.

తర్వాతి పనికి వాయిదాలు మార్చండి. అడిగే తగ్గింపు ఎప్పుడూ వాళ్ళ చేతిలో మిగిలిన మొత్తానికి లోపే ఉంటుంది. మీ విషయంలోనూ అంతే, 34 వేలు ఉన్నాయి కాబట్టే 20 వేలు అడిగారు. 50 శాతం అడ్వాన్స్, బాక్సులు బిగించాక 30, షట్టర్లు పడ్డాక హ్యాండిల్స్ బిగించకముందు 15, అప్పజెప్పిన రోజు 5 అని రాసుకుంటే ఇదే పనిలో చివరికి మిగిలేది 17,000. ఆ 15 శాతం గృహప్రవేశానికి ముందే అందేలా తారీఖు చూసుకోండి.