ఎన్నికల లెక్కలో జవాబు భిన్నంలో వస్తోంది

"25% మంది ఓటు వేయలేదు. పోలైన వాటిలో 10% చెల్లలేదు. చెల్లిన వాటిలో 60% తెచ్చుకున్న అభ్యర్థి తన ఒకే ఒక్క ప్రత్యర్థిపై 2,700 ఓట్లతో గెలిచాడు. మొత్తం ఓటర్లెందరు? నాకు 20,769.23 వస్తోంది."

మీరు 25, 10 కలిపి 35 తీసేశారు. ఆ 10% పోలైన ఓట్ల మీద, జాబితా మీద కాదు. ఓటర్లు భిన్నంలో వచ్చారంటే దాదాపు ఎప్పుడూ ఇదే కారణం.

1. ప్రతి శాతం పక్కన "దేనిలో?" అని రాసుకోండి. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే.

2. శాతాలను నిష్పత్తులు చేయండి.
జాబితా : పోలైనవి = 4 : 3
పోలైనవి : చెల్లినవి = 10 : 9
గెలిచినవారు : ఓడినవారు = 3 : 2. తేడా 1 భాగం, చెల్లినవి 5 భాగాలు.

3. మెజారిటీ నుంచి వెనక్కి వెళ్లండి.
2,700 × 5 = 13,500 చెల్లినవి
13,500 × 10/9 = 15,000 పోలైనవి
15,000 × 4/3 = 20,000 ఓటర్లు

ప్రశ్నలో "జాబితాలోని ఓటర్లలో 40% తెచ్చుకున్నాడు" అని ఉంటే 3 : 2 పనికిరాదు. అప్పుడు జాబితా 100 అనుకోండి. చెల్లినవి 67.5, ఓడినవారికి 27.5, తేడా 12.5. పరీక్షల్లో ఈ ఒక్క మాట మార్చే ఇరికిస్తారు, జాగ్రత్తగా చదవండి.

జనాభా, జీతం లెక్కలకూ ఇదే పద్ధతి. జనాభా రెండేళ్లు వరుసగా 10% పెరిగితే 11/10 × 11/10, అంటే 21%. జీతం 25% పెరిగితే 5/4, పాత జీతానికి రావాలంటే 4/5, అంటే 20% కోత.