ఇద్దరు పిల్లల గొడవ మీద నువ్వు రాస్తున్న వ్యాసం గురించి

అమ్మా మాధవీ,

నువ్వు పంపిన డ్రాఫ్టు రెండుసార్లు చదివాను. బీఎడ్ ఇంటర్న్‌షిప్ రికార్డులో పెట్టాల్సిన "కీలక సంఘటన" వ్యాసానికి, కోణమానిని కోసం ఏడో తరగతి పిల్లలిద్దరు పడ్డ గొడవను ఎంచుకోవడం మంచి పనే. సరిత, నందిని అని పేర్లు మార్చావు, బడి పేరు, ఊరి పేరు రాయలేదు. అది అలాగే ఉంచు. వ్యాసంలో మాత్రం చాలా మార్చాలి. ఎక్కడ, ఎందుకు అన్నది వివరంగా చెప్తాను.

ముందు ఒక మాట. "కీలక సంఘటన" అంటే పెద్ద గొడవే కానక్కర్లేదు. ఇలాంటి సంఘటనల్ని సేకరించి చదివే పద్ధతిని 1954లో వ్యాసంగా వివరించిన అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్లానగన్, రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడి సైనిక విమానదళంలో పనిచేశాడు. పనిలో ఎవరు సరిగ్గా ఏం చేస్తే ఫలితం మారిందో, చూసినవాళ్ల నోట రాబట్టడం అతని పద్ధతి. ఉపాధ్యాయుల పనికి దీన్ని మలిచిన డేవిడ్ ట్రిప్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. సంఘటన తనంత తాను కీలకమైపోదు, దాన్ని మనం విడదీసి చదివిన తీరువల్లే కీలకమవుతుంది అన్నాడు. కాబట్టి కోణమానిని విరగడం నీ వ్యాసానికి గుమ్మం లాంటిది, అసలు ఇల్లు లోపలుంది. నువ్వేమో గుమ్మం గురించే రెండున్నర పేజీలు రాశావు.

మీ కాలేజీ వాళ్లు గిబ్స్ వలయం వాడమన్నారు కదా. అనుభవం నుంచి నేర్చుకోవడానికి 1988లో గ్రాహం గిబ్స్ ఇచ్చిన ఆరు మెట్లు అవి: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగాలేదు, ఎందుకలా జరిగింది, అప్పుడు ఇంకేం చేయగలిగేదాన్ని, మళ్లీ ఇలాగే వస్తే ఏం చేస్తాను. ఆరు మెట్లున్నాయని ఆరింటికీ సమానంగా రాయకూడదు. 1500 పదాల వ్యాసమైతే మొదటిదానికి 200, రెండోదానికి 150, మూడోదానికి 200 చాలు. నాలుగోదానికి 550 ఉంచుకో. మిగిలిన 400లో అయిదోదానికి 150, ఆరోదానికి 250. నీ డ్రాఫ్టులో ఈ లెక్క తలకిందులైంది. నాలుగో మెట్టు మొత్తం కలిపి ఏడు వాక్యాలే ఉంది.

ఏం జరిగింది అన్న చోట నీ వాక్యం ఇది: "సరిత గర్వంతో కోణమానిని ఎవరికీ ఇవ్వకుండా పెట్టుకుంది, నందిని కోపం ఆపుకోలేక లాక్కుంది." ఇందులో నువ్వు కళ్లారా చూసింది సగమే. గర్వం కంటికి కనిపించదు. కనిపించింది రాయి: "11:20కి పని మొదలైంది. గుంపుకు నలుగురు, ఒక్క కోణమానిని. మొదటి నుంచీ సరిత చేతిలోనే ఉన్నదాన్ని 11:26కి నందిని లాగింది. అది రెండు ముక్కలైంది. నందిని, 'ఫస్టు మార్కులొస్తే అన్నీ నీవేనా?' అంది. నేను ఇద్దరినీ బెల్లు కొట్టేదాకా నిలబెట్టాను." ఇంతే. ఇలా రాసి చూస్తే రెండు సంగతులు వాటంతట అవే బయటపడతాయి. ఒకటి, ఆరు నిమిషాలూ కోణమానిని ఒకే చేతిలో ఉంది. రెండు, ఆ గొడవలో మూడో మనిషి ఉంది, అది నువ్వు.

ఇలాంటి వివరాలు రెండ్రోజులు గడిస్తే చెరిగిపోతాయి, వాటి స్థానంలో మన అభిప్రాయాలు చేరతాయి. అందుకే ఏ సంఘటననైనా ఆ రోజు సాయంత్రంలోగా కాగితం మీద పెట్టాలి. పేజీని నిలువుగా రెండు భాగాలు చెయ్యి, ఎడమవైపు చూసిందీ విన్నదీ, కుడివైపు అనుకున్నదీ. పిల్లల మాటల్ని వాళ్లన్నట్టే రాసుకో, శుద్ధి చెయ్యకు.

రెండో మెట్టులో చాలామంది కన్నీళ్లు పెట్టిస్తారు. నువ్వు కూడా "నా మనసు ముక్కలైంది" అని రాశావు. నిజంగా అనిపించే ఉంటుంది, కానీ దానివల్ల ముందుకు సాగే దారేమీ లేదు. నువ్వు ఫోన్లో చెప్పిన మాట, "హెడ్‌మాస్టరుగారు వరండాలో ఉన్నారు, శబ్దం వింటారేమోనని భయమేసింది" అన్నది, అదే రాయాలి. ఆ భయమే ఇద్దరినీ నిలబెట్టించింది. విషయం తెలుసుకునే లోపే తరగతి నిశ్శబ్దమైపోవాలనుకున్నావు. ఏమనిపించింది అన్నదాన్ని ఏం చేశావు అన్నదానితో ముడివేస్తేనే ఆ మెట్టుకు అర్థం.

మూడో మెట్టును నాలుగోదానితో కలిపేయడం అందరూ చేసే తప్పు. మూడోది తీర్పు, నాలుగోది కారణం. గొడవ పెద్దది కాకుండా ఆగింది, ఎవరికీ దెబ్బ తగలలేదు, మిగతా గుంపులు పని కొనసాగించాయి: ఇవి మంచివైపు. లాగినామెనూ లాగించుకున్నామెనూ ఒకేలా నిలబెట్టావు, ఇద్దరూ ఆ రోజు పాఠం పూర్తి చేయలేదు: ఇవి చెడువైపు. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. బెల్లు దాకా నిలబెట్టడాన్ని "క్రమశిక్షణ" అని దాటేయకు, ఆ సెక్షన్‌ను పక్కన పెట్టుకుని నిజాయితీగా తూచు.

ఇక నాలుగో మెట్టు. ఇక్కడ నువ్వు "ఇద్దరి స్వభావాల్లో తేడా వల్ల గొడవ వచ్చింది" అని రాశావు. ఎదుటివాళ్లు చేసినదానికి వాళ్ల గుణాన్నే కారణంగా చూసి, వాళ్లున్న పరిస్థితిని వదిలేయడం మనందరికీ అలవాటే. సామాజిక మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో దీనికి మౌలిక ఆపాదన దోషం అనే అర్థమొచ్చే పేరు పెట్టాడు. స్వభావం అంటే వెతుకులాట ఆగిపోతుంది. ట్రిప్ చూపిన ఒక చిన్న పద్ధతి ఉంది: వచ్చిన ప్రతి జవాబునూ మళ్లీ "ఎందుకు?" అని అడగడం. నీ సంఘటన మీదే చేసి చూద్దాం.

నందిని ఎందుకు లాగింది? ఆరు నిమిషాలైనా తన వంతు రాలేదు. ఎందుకు రాలేదు? నువ్విచ్చిన పని గుర్తు తెచ్చుకో: ప్రతి ఒక్కరూ ఒక త్రిభుజం గీసి, మూడు కోణాలూ కొలిచి, మొత్తం కట్టాలి. టైము పది నిమిషాలు. నలుగురు పిల్లలు, మూడేసి కోణాలు, అంటే 12 కొలతలు. ఒక్కో కొలతకు ఒక్క నిమిషమే అనుకున్నా 12 నిమిషాలు. ఉన్నవి పది, పరికరం ఒకటి. ఆ గుంపులో ఎవరో ఒకరి వంతు పూర్తికాకుండానే టైము అయిపోవాల్సిందే. అంటే గొడవకు చోటు నువ్వు పెట్టిన లెక్కలోనే ఉంది. ఇలా ఒప్పుకున్న వాక్యం ఒక్కటి, సిద్ధాంతాల పేర్లు పది రాసినదానికంటే బరువైనది.

ఇంకో "ఎందుకు" ఉంది. మూడు కొలతలకు మూడు నిమిషాలు చాలాలి కదా, సరిత ఆరు నిమిషాలు ఎందుకు వదల్లేదు? నువ్వు ఫొటో తీసి పంపిన ఆమె నోటుబుక్కు పేజీని మళ్లీ చూడు. 110, 60, 50 అని రాసి ఉంది. మొత్తం 220. దాన్ని కొట్టేసి, కింద మళ్లీ 110, 60, 50. గీసిన బొమ్మలో ఆ మొదటి కోణం చూస్తేనే తెలుస్తోంది, లంబకోణం కంటే చిన్నది. అది 70. కోణమానిని మీద రెండు వరసల అంకెలుంటాయి, ఆమె లోపలి వరస చదవాల్సిన చోట బయటి వరస చదివింది. 180 రావాలని తెలుసు, రావట్లేదు, ఎందుకో తెలియదు, అందుకే మళ్లీ మళ్లీ కొలుస్తోంది. నువ్వు గర్వం అనుకున్నది లెక్కలో తడబాటు. పిల్లల గొడవల మీద రాసేటప్పుడు వాళ్ల పుస్తకాలు చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే.

మరి నందిని అన్న మాట సంగతి? "ఫస్టు మార్కులొస్తే అన్నీ నీవేనా" అన్నదాన్ని వదలకు. గుంపు పనిలో తెలివైనవాళ్లని పేరున్న పిల్లలు ఎక్కువ మాట్లాడతారు, వస్తువులు వాళ్ల చేతిలోకే వెళ్తాయి, మిగతావాళ్లు పక్కకు జరుగుతారు, ఎక్కువ పాల్గొన్నవాళ్లే ఎక్కువ నేర్చుకుంటారు. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ కోహెన్ ఏళ్ల తరబడి తరగతి గదుల్లో చూసి చెప్పింది ఇదే. నందిని మాట ఈ స్థాయి తేడాను వేలెత్తి చూపింది. ఈ ఒక్క సిద్ధాంతాన్ని నీ సంఘటనకు గట్టిగా అతికించు. నీ డ్రాఫ్టులో ఉన్న షెరీఫ్ వేసవి శిబిరం ప్రయోగం తీసేయి, అది రెండు జట్ల మధ్య వైరం గురించి, ఒకే గుంపులోని ఇద్దరి గురించి కాదు. పేరు గొప్పదని పెడితే దిద్దేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ఒక హద్దు కూడా రాయి. ఇద్దరితో విడివిడిగా మాట్లాడకుండా ఈ కారణాలు నీ ఊహలే. వీలైతే ఈ వారమే ఒక్కొక్కరితో అయిదు నిమిషాలు కూర్చో. "ఎందుకు చేశావ్?" అనకు, అది విచారణలా వినిపించి పిల్లలు సమర్థించుకోవడం మొదలెడతారు. "ఏం జరిగింది? అప్పుడు ఏమనుకున్నావ్? ఇప్పుడు ఎలా ఉంటే బాగుంటుంది?" అని అడుగు. పాత కక్షలున్నా, కులం పేరు పెట్టిన మాట పడినా, అది వ్యాసంలో రాసుకునే విషయం కాదు. ఆ రోజే హెడ్‌మాస్టరుగారికి చెప్పాలి.

అయిదో మెట్టు చిన్నది. ఆ క్షణానికే పరిమితం: విరిగిన ముక్కలు తీసేసి, ఇద్దరినీ చెరో చోట కూర్చోబెట్టి, పని నడిపించి, బెల్లు తర్వాత మాట్లాడి ఉండాల్సింది.

ఆరోదానిలో "ఇకపై ఓపికగా ఉంటాను" అని రాశావు. దాన్ని ఎవరూ కొలవలేరు. ఇలా రాయి: గుంపుకు ఒకే త్రిభుజం. ముగ్గురు తలా ఒక కోణం కొలుస్తారు, నాలుగో పిల్ల మొత్తం కట్టి సరిచూస్తుంది. ఇంకో త్రిభుజానికి వంతులు మారతాయి. నాలుగు త్రిభుజాలయ్యేసరికి ప్రతి ఒక్కరూ మూడు కోణాలు కొలిచి ఉంటారు, ఒకసారి సరిచూసి ఉంటారు. కొలతలు 12 కాబట్టి దీనికి పది నిమిషాలు చాలవు, రెండు పీరియడ్లకు సర్దు. కోణమానిని పెట్టేముందు "ఇది లంబకోణం కంటే చిన్నదా, పెద్దదా?" అని నోటితో చెప్పించు, రెండు వరసల గందరగోళం అక్కడే తీరిపోతుంది. రెండు వారాల తర్వాత గుంపుగుంపుకూ తిరిగి, ఎందరు స్వయంగా కొలిచారు, ఎన్నిసార్లు పరికరం కోసం పేచీ వచ్చింది అని లెక్క రాసుకో. ఆ తేదీని కూడా వ్యాసంలో వెయ్యి.

ఇప్పుడు చేయాల్సిన పని: ఎర్ర పెన్ను తీసుకుని మొదటి మెట్టులో గర్వం, కోపం, మొండితనం లాంటి మాటలన్నీ కొట్టేయి. మిగిలినదాన్ని 200 పదాలకు కుదించి, నాలుగో మెట్టు కొత్తగా రాసి, ఆదివారంలోగా నాకు పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ